మూడు సంఖ్యలు, మూడు పుట్టుకలు
(జాన్ పోస్టెల్ స్మృతికి అంకితమైన ఉపన్యాసం)

నెట్‌వర్కుల పాఠంలో అడుగుపెట్టిన విద్యార్థికి మూడు సంఖ్యలు దాదాపు ఒకేసారి ఎదురవుతాయి. నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే ఇచ్చే హార్డ్‌వేర్ చిరునామా, అంటే వాడుకలో మ్యాక్ అడ్రస్, మొదటిది. ఆ కార్డు ప్రస్తుతం ఏ నెట్‌వర్కులో ఏ స్థానంలో ఉందో చెప్పే ఐపీ అడ్రస్ రెండవది. ఒకే యంత్రంలో నడుస్తున్న పలు ప్రోగ్రాముల్లో సందేశం దేనికి అందాలో చెప్పే పోర్ట్ నంబరు మూడవది. కలిసి చదువుకునే విద్యార్థులు తమ జవాబులు సరిచూసుకుని పొరపాట్ల పట్టిక రాసుకుంటే అందులో నాలుగు తప్పులు దాదాపు ఎప్పుడూ చోటుచేసుకుంటాయి. దూరాన ఉన్న సర్వర్ మ్యాక్ అడ్రస్ తెలిస్తేనే దానికి సందేశం పంపగలమనుకోవడం మొదటిది. ఐపీ అడ్రస్ యంత్రానికి పుట్టుమచ్చ లాంటిదనుకోవడం రెండవది. పోర్టు అంటే కేబుల్ గుచ్చే రంధ్రమనుకోవడం మూడవది. ఒక పోర్టు మీద ఒకే కనెక్షన్ ఉండగలదనుకోవడం నాలుగవది.

ఈ తప్పుల్లో ఎక్కువ భాగం ఒకే వేరు నుంచి మొలుస్తాయి. మూడు సంఖ్యలనూ ఊరు, వీధి, ఇంటి నంబరు అనే వరుసలో, ఒకే చిరునామాకు మూడు ముక్కలుగా చెప్పే అలవాటే ఆ వేరు. చరిత్ర చూస్తే ఇవి ఒకే చిరునామా ముక్కలు కావు. వేర్వేరు చోట్ల, వేర్వేరు సంవత్సరాల్లో, వేర్వేరు ప్రశ్నలకు జవాబులుగా పుట్టిన మూడు ఏర్పాట్లు. పాఠ్యపుస్తకం చివర చెప్పే పోర్టు ఆలోచనే వీటిలో అన్నిటికంటే పాతది.

పోర్టు: సంభాషణకు గుర్తు

1969లో అమెరికాలో మొదలైన ఆర్పానెట్‌లో యంత్రాలు కొద్ది సంఖ్యలోనే ఉండేవి గనుక యంత్రాన్ని గుర్తించడం పెద్ద చిక్కు కాలేదు. కానీ ఒక పెద్ద యంత్రాన్ని అనేకమంది పంచుకునే కాలమది కావడంతో, వచ్చిన సందేశం లోపలి ఏ ప్రోగ్రాముకు చెందుతుందన్న ప్రశ్న వెంటనే తలెత్తింది. దానికి జవాబుగా సాకెట్ నంబరు అనే ఏర్పాటు వచ్చింది. అయితే ఒక్కో కేంద్రం తనకు తోచిన సంఖ్య వాడుకుంటే దూరపు యంత్రంలోని సేవను వెతికి పట్టుకోవడం కుదరదు. 1972 మే నెలలో అప్పటికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ శాఖలో ఉన్న జాన్ పోస్టెల్ 349వ ఆర్‌ఎఫ్‌సీ రాశాడు. ఆర్‌ఎఫ్‌సీ అంటే నెట్‌వర్కు నిర్మాతలు తమలో తాము పంచుకుని చర్చించే సాంకేతిక పత్రం. ప్రామాణిక సేవలకు సాకెట్ నంబర్లు కేటాయించే ఒక అధికారి ఉండాలని అందులో ప్రతిపాదించి, ఆ అధికారి తానేనా అన్నట్టు కుండలీకరణాల్లో ఒక ప్రశ్నార్థకం పెట్టాడు. ఆచరణలో ఆ పని ఆయనకే దక్కింది.

ఆనాటి నియమాల ప్రకారం ఒక కనెక్షన్ మీద సమాచారం ఒకే దిశలో పోయేది. రెండు వైపులా మాట్లాడుకోవాలంటే రెండు సాకెట్లు కావాలి. వాటిలో సరి సంఖ్య వినడానికి, బేసి సంఖ్య పంపడానికి. ఆ తర్వాత వచ్చిన టీసీపీ ఒకే కనెక్షన్‌లో ఇరువైపులా మాట్లాడనిచ్చినా పాత అలవాటు జాడ మిగిలింది. ఫైళ్ల బదిలీకి 21, టెల్‌నెట్‌కు 23, ఉత్తరాలకు 25 అంటూ తొలినాటి పోర్టులు బేసి సంఖ్యలు కావడం దాని ఫలితమే. ఈ వంశవృక్షం తెలిసిన విద్యార్థి పోర్టును రంధ్రమనుకోడు. స్విచ్చు మీద కేబుల్ గుచ్చే చోటునూ పోర్టు అనే పిలవడం పేరులోని పోలిక మాత్రమే. టీసీపీ పోర్టు అనేది సందేశం తలభాగంలో రాసి ఉండే 16 బిట్ల సంఖ్య, అంటే 0 నుంచి 65535 లోపుది, దానిని తాకి చూపలేము.

మ్యాక్ అడ్రస్: కార్డుకు గుర్తు

రెండవ కథ పాలో ఆల్టోలోని జిరాక్స్ పరిశోధన కేంద్రానిది. 1973లో రాబర్ట్ మెట్‌కాఫ్ ఆలోచనగా మొదలైన ఈథర్‌నెట్ ప్రయోగ దశలో ఒక్కో యంత్రానికి 8 బిట్ల చిరునామా ఉండేది. ఒక భవనంలోని ఒక తీగకు అది సరిపోయింది. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు కలిసి ప్రమాణాన్ని ప్రకటించినప్పుడు ఆ చిరునామా 48 బిట్లకు పెరిగింది. ఒక తీగ మీద కొన్ని వందల యంత్రాలే ఉండగా అంత పెద్ద సంఖ్య ఎందుకన్న సందేహానికి యోగేన్ దలాల్, రాబర్ట్ ప్రింటిస్ 1981లో ప్రచురించిన వ్యాసం సమాధానమిచ్చింది. ప్రతి కార్డుకు ప్రపంచంలో మరెవరికీ లేని సంఖ్య ముందే ఉంటే దానిని ఏ తీగకు తగిలించినా పేరు పెట్టే పని ఉండదు, ఘర్షణా రాదు. అందుకే తయారీదారుకు ముందుభాగంగా 24 బిట్లు కేటాయించి, మిగతా 24 బిట్లను తన కార్డులకు తానే పంచుకోనిచ్చారు.

విద్యార్థుల తప్పు ఒకప్పుడు నిజంగా ఒక నెట్‌వర్కులో ఒప్పు కావడం ఇక్కడ గమనించదగ్గ విషయం. జిరాక్స్ సొంత నెట్‌వర్కు వ్యవస్థలో పూర్తి చిరునామా అంటే 32 బిట్ల నెట్‌వర్కు సంఖ్య, దాని పక్కన 48 బిట్ల యంత్ర సంఖ్య, ఆ పక్కన 16 బిట్ల సాకెట్ సంఖ్య. ఊరు, వీధి, ఇల్లు అన్న పోలిక అక్కడ అతికినట్టు సరిపోతుంది. ప్రపంచం స్వీకరించిన ఇంటర్నెట్ ఆ దారిన నడవలేదు.

ఐపీ అడ్రస్: స్థానానికి గుర్తు

పోస్టెల్ సంపాదకత్వంలో 1981 సెప్టెంబరులో వెలువడిన 791వ ఆర్‌ఎఫ్‌సీ ఐపీ అడ్రస్‌కు 32 బిట్లే ఇచ్చింది. 48 బిట్ల కార్డు సంఖ్య అందులో పట్టదు. పైగా ఉపగ్రహ లింకులు, రేడియో లింకులు, టెలిఫోన్ తీగలు అన్నీ ఈ ఇంటర్నెట్‌లో భాగమే గనుక ఈథర్‌నెట్ కార్డు అందరి దగ్గరా ఉంటుందన్న భరోసా లేదు. అందుచేత ఐపీ అడ్రస్ యంత్రాన్ని బట్టి కాక, యంత్రం తగులుకున్న నెట్‌వర్కును బట్టి నిర్ణయమవుతుంది. ల్యాప్‌టాప్‌ను ఇంటి నుంచి కళాశాలకు తీసుకువెళితే కార్డు అదే అయినా ఐపీ మారడానికి కారణమిదే. ఒకే యంత్రానికి వైఫై ద్వారా ఒకటి, తీగ ద్వారా మరొకటి ఉండడానికీ ఇదే కారణం.

సంబంధం లేని రెండు సంఖ్యలను ఒకే తీగ మీద వాడాలంటే వాటిని కలిపే ఉపాయం కావాలి. 1982 నవంబరులో డేవిడ్ ప్లమ్మర్ రాసిన 826వ ఆర్‌ఎఫ్‌సీ ఆ ఉపాయాన్ని చూపింది. దాని పేరు ఆర్ప్. ఫలానా ఐపీ ఎవరిదని ఒక యంత్రం తన తీగ మీద అందరికీ వినబడేలా అడుగుతుంది. ఆ ఐపీ గల యంత్రం తన మ్యాక్ అడ్రస్ చెబుతుంది. ఈ కేక రౌటర్‌ను దాటి పోదు. మొదటి తప్పుకు విరుగుడు ఈ ఒక్క వాక్యంలోనే ఉంది.

ఒక సందేశం వెంట నడక

ఇంట్లోని ల్యాప్‌టాప్ ఐపీ `192.168.1.20`, రౌటర్ ఐపీ `192.168.1.1`, చేరవలసిన సర్వర్ `203.0.113.10`, సేవ పోర్టు 443 అనుకుంటే, ల్యాప్‌టాప్ ముందుగా ఆ సర్వర్ తన నెట్‌వర్కులోదేనా అని చూసుకుంటుంది. మొదటి మూడు అంకెల గుంపులు కలవకపోవడంతో కాదని తేలుతుంది. అప్పుడది ఆర్ప్ ద్వారా సర్వర్ కోసం కాక రౌటర్ కోసం అడుగుతుంది. బయలుదేరే ఫ్రేము మీద, అంటే తీగ మీద పోయే సందేశపు మూట మీద, గమ్యం మ్యాక్ రౌటర్‌ది, లోపలి గమ్యం ఐపీ సర్వర్‌ది. రౌటర్ ఆ ఫ్రేమును విప్పి పారేసి లోపలి ప్యాకెట్‌ను కొత్త ఫ్రేములో పెట్టి ముందుకు పంపుతుంది. దారిలోని ప్రతి మజిలీలోనూ ఇదే జరుగుతుంది గనుక గమ్యం ఐపీ మొదటి నుంచి చివరి దాకా నిలుస్తుంది, ఫ్రేము మాత్రం మజిలీ మజిలీకీ మారుతుంది. లైనక్స్ యంత్రంలో రెండు ఆదేశాలు ఈ తేడాను కళ్లకు కడతాయి.

```
$ ip neigh
192.168.1.1 dev wlan0 lladdr 00:00:5e:00:53:01 REACHABLE

$ ss -tn
State  Local Address:Port   Peer Address:Port
ESTAB  192.168.1.20:51514   203.0.113.10:443
ESTAB  192.168.1.20:51516   203.0.113.10:443
```

మొదటి జాబితాలో సర్వర్ లేదు, రౌటర్ ఒక్కటే ఉంది. ఇక్కడ కొంత కుదించి చూపిన రెండవ జాబితాలో ఒకే సర్వర్‌కు, ఒకే 443 పోర్టుకు రెండు కనెక్షన్లున్నాయి. బయలుదేరిన ఐపీ, బయలుదేరిన పోర్టు, గమ్యం ఐపీ, గమ్యం పోర్టు అనే నాలుగింటిని కలిపి టీసీపీ ఒక కనెక్షన్‌ను గుర్తిస్తుంది కాబట్టి 51514, 51516 అనే తేడా ఒక్కటే చాలు. నాలుగవ తప్పు ఇక్కడ వీగిపోతుంది.

లోపం ఏ సంఖ్య దగ్గర ఉందో తెర మీది మాటే చాలాసార్లు చెబుతుంది. పక్క యంత్రానికి `ping` కొట్టినప్పుడు సొంత ఐపీ పేరుతోనే `Destination Host Unreachable` వస్తే ఆర్ప్ ప్రశ్నకు జవాబు రాలేదని అర్థం. `Connection refused` వస్తే సాధారణంగా యంత్రం దాకా సందేశం చేరింది గాని ఆ పోర్టు మీద ఏ ప్రోగ్రామూ వినడం లేదని అర్థం. ఆ స్థితిలో ఐపీని అనుమానించడం వృథా. జవాబే లేకుండా కాలం గడిచిపోతే దారి తెగి ఉండవచ్చు, లేదా రక్షణ గోడ ప్యాకెట్‌ను మౌనంగా పారేసి ఉండవచ్చు; ఆ రెండింటినీ ఆ మాట ఒక్కటే వేరు చేయలేదు. `ping` పోర్టులనే వాడదు కనుక దానికి జవాబు వచ్చినంత మాత్రాన 443 తెరిచి ఉందని తేల్చడమూ పొరపాటే.

సరిహద్దులు చెరిగిన చోటు

ఇంత స్పష్టంగా విడదీసిన గీతలను తర్వాతి కాలపు అవసరాలు కొంత చెరిపాయి. 32 బిట్ల ఐపీలు చాలవన్న భయంతో 1994లో ప్రతిపాదించిన నాట్ పద్ధతి తర్వాత పోర్టులనూ మార్చే రూపంలో ఇంటింటికీ చేరింది. పై ఉదాహరణలోని రౌటర్ బయటికి పంపేటప్పుడు `192.168.1.20:51514` స్థానంలో తన బయటి ఐపీని, తనకు తోచిన పోర్టును రాసి, ఆ జతను గుర్తుంచుకుని, తిరిగి వచ్చిన జవాబును దాని ప్రకారం లోపలికి అందిస్తుంది. ప్రోగ్రామును గుర్తించడానికి పుట్టిన పోర్టు ఇక్కడ ఇంట్లోని యంత్రాన్ని ఎంచే పని కూడా చేస్తోంది. మరోవైపు వైఫైకి తగులుకునే ఫోన్లు యజమాని జాడ తెలియకుండా మ్యాక్ అడ్రస్‌ను తామే యాదృచ్ఛికంగా మార్చుకుంటున్నాయి గనుక కార్డు గుర్తు శాశ్వతమన్న మాటకు మినహాయింపు వచ్చింది. ఈ రెంటినీ ముందే నేర్పితే విద్యార్థి తడబడతాడు. మూడు పుట్టుకలూ తెలిశాక చెబితే ఏ సంఖ్య తన పాత పనిని దాటి కొత్త పని ఎత్తుకుందో అతడే గుర్తుపడతాడు. అందుచేత తప్పుల పట్టిక రాసుకునే బృందం ప్రతి తప్పు పక్కన సరైన జవాబుతోపాటు, ఆ సంఖ్య ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో కూడా రాసుకోవడం మేలు.

జాన్ పోస్టెల్ 1998 అక్టోబరు 16న మరణించాడు. సేవలకు పోర్టు నంబర్లు నమోదు చేసే జాబితాను ఆయన పనిని కొనసాగించే అయానా నేటికీ నిర్వహిస్తోంది. ఆ జాబితాలో 23వ సంఖ్య ఇప్పటికీ టెల్‌నెట్ పేరు మీదే ఉంది.