ఇప్పుడు మారను, తర్వాత చూస్తాను: రిక్రూటర్‌కి ఈ మాట ఎలా రాయాలి?

ఈ రోజు ఒక చిన్న మెసేజ్ గురించి మాట్లాడుకుందాం. మీరు ఉద్యోగంలో బాగానే ఉన్నారు, మారే ఆలోచన లేదు. లింక్డ్‌ఇన్‌లోనో నౌకరీలోనో ముక్కూముఖం తెలియని రిక్రూటర్ నుంచి మెసేజ్ వస్తుంది. "మీ ప్రొఫైల్ చూశాం, మంచి ఓపెనింగ్ ఉంది. రెజ్యూమె, ఇప్పటి సీటీసీ, మీరు అడిగే సీటీసీ, నోటీసు పీరియడ్ పంపండి" అని. ఇప్పుడైతే వద్దు. ఆరు నెలలు పోయాక అయితే? ఏమో, చూడొచ్చు. ఆ "ఏమో"ని ఎలా రాయాలన్నదే ఈ రోజు విషయం.

నేను హైదరాబాద్‌లో కొన్నేళ్లు రిక్రూటింగ్ చేశాను. మొదట ఒక కన్సల్టెన్సీలో, తర్వాత ఒక కంపెనీ హెచ్‌ఆర్ టీమ్‌లో. అంటే ఇలాంటి మెసేజ్‌లు పంపిన వైపు కూర్చుని చూసినదాన్ని. మీ జవాబు అవతల ఏమవుతుందో ముందు చెప్తాను, అది తెలిస్తే ఏం రాయాలో మీకే అర్థమవుతుంది.

మీరు అసలు జవాబే ఇవ్వలేదనుకోండి. ఎవరూ ఏమీ అనుకోరు. రిక్రూటర్ ఆ రోజు మీలాంటి వాళ్లు ఎంతోమందికి రాసి ఉంటుంది, తర్వాతి పేరుకి వెళ్లిపోతుంది. కాకపోతే ఆమె దగ్గర మీ గురించి ఏమీ మిగలదు. "నో" అని రాస్తే కోపం వస్తుందేమో అని కొందరు భయపడతారు. రాదండి. లింక్డ్‌ఇన్‌లో వచ్చేది ఇన్‌మెయిల్ అయితే, అది డబ్బు కట్టి వాడే మెసేజ్. నెలకి ఇన్ని అని లెక్క ఉంటుంది. మీరు 90 రోజుల్లోపు అవునన్నా కాదన్నా, జవాబిస్తే చాలు, ఆ ఒక్కటి ఆమె ఖాతాలో మళ్లీ జమ అవుతుంది. కాబట్టి మీ "ఇప్పుడు కాదు" కూడా ఆమెకి పనికొచ్చేదే.

ఇక మూడో రకం. "పోయేదేముంది, పంపి చూద్దాం" అని రెజ్యూమె పంపేయడం. నిజానికి పోయేది ఇక్కడే.

ఎలాగో చెప్తాను. మెసేజ్ పంపింది కంపెనీ సొంత రిక్రూటరా, కన్సల్టెన్సీనా అన్నది ముందు చూడండి. "మా క్లయింట్ ఒకరు" అని రాసి, కంపెనీ పేరు చెప్పకపోతే దాదాపు కన్సల్టెన్సీయే. మెయిల్ వస్తే ఐడీలో @ తర్వాత ఏ పేరుందో చూస్తే ఇంకా తేలిపోతుంది. కన్సల్టెన్సీకి డబ్బు వచ్చేది మీరు అక్కడ చేరితేనే. మన దేశంలో బాగా వాడుకలో ఉన్న లెక్క ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతమంత. 12 లక్షల సీటీసీ అయితే దాదాపు లక్ష రూపాయలు. ఇది మీ జేబులోంచి పోదు, తీసుకునే కంపెనీ ఇస్తుంది.

అయితే ఒకే మనిషి రెజ్యూమెని ఇద్దరు పంపితే ఫీజు ఎవరికివ్వాలి? అందుకే చాలా కంపెనీల్లో ఒక రూల్ ఉంటుంది. ముందు ఎవరు పంపితే కొంతకాలం పాటు ఆ అభ్యర్థి వాళ్ల ఖాతాలోనే. ఆరు నెలలన్నది తరచుగా కనిపించే గడువు, ఒప్పందాన్ని బట్టి మారుతుంది. ఇప్పుడు ఆలోచించండి. మారే ఉద్దేశం లేకుండానే మేలో రెజ్యూమె ఇచ్చారు, వాళ్లు పంపేశారు. ఆగస్టులో మీకు నిజంగా మారాలనిపించింది. అదే కంపెనీలో మీ స్నేహితురాలు రిఫర్ చేస్తానంది. పేరు ఎక్కించగానే సిస్టమ్ "ఈ అభ్యర్థి ఇప్పటికే ఉన్నారు" అంటుంది. ఆమె రిఫరల్ చెల్లదు. మీ గురించి గట్టిగా చెప్పగలిగిన మనిషి పక్కకి పోయింది, ముక్కూముఖం తెలియని కన్సల్టెన్సీ చేతిలో మీరు మిగిలారు.

కాబట్టి ఇప్పుడు మారని వాళ్లు రెజ్యూమె ఇవ్వకూడదు. సీటీసీ కూడా అంతే. మేలో చెప్పిన అంకె నోట్‌లో అలాగే కూర్చుంటుంది. ఆగస్టుకి మీకు హైక్ వచ్చి ఉండొచ్చు, కానీ మాటలు మొదలయ్యేది పాత అంకె దగ్గరే.

మరి ఏం ఇవ్వాలి? తేదీ ఇవ్వండి. ఒక్క తేదీ. రిక్రూటర్ దగ్గర ఒక షీటో సాఫ్ట్‌వేరో ఉంటుంది, మీ పేరు పక్కన చిన్న నోట్ రాసుకుంటుంది. "తర్వాత చూస్తాను" అని మీరు రాస్తే ఆ నోట్‌లో పెట్టడానికి ఏమీ లేదు. అది మర్యాదగా చెప్పిన "నో" అనుకుంటుంది. "ఆగస్టు మొదటి వారం" అని రాస్తే అది రిమైండర్ అవుతుంది.

తేదీ ఎలా తేల్చాలి? నాకు తెలిసిన ఒక అమ్మాయి విషయం చెప్తాను. గచ్చిబౌలిలో టెస్టింగ్‌లో ఉంది, మూడున్నరేళ్ల అనుభవం. కిందటి సెప్టెంబర్ 16న ఇప్పటి కంపెనీలో చేరింది, లక్షన్నర జాయినింగ్ బోనస్ ఇచ్చారు. ఏడాది లోపు వెళ్లిపోతే మొత్తం వెనక్కి కట్టాలన్నది షరతు. నోటీసు పీరియడ్ 60 రోజులు. మేలో ఆమెకి మెసేజ్ వచ్చింది. "సెప్టెంబర్ తర్వాత చూస్తానని రాయనా అక్కా?" అని నన్ను అడిగింది.

ముందు ఆఫర్ లెటర్ తీయమన్నాను. "ఏడాది లోపు వెళ్లిపోతే" అంటే ఏ రోజు లెక్క? రాజీనామా ఇచ్చిన రోజా, ఆఫీసులో ఆఖరి రోజా? కంపెనీకో రకంగా రాస్తారు. ఆమె లెటర్‌లో ఆఖరి రోజు అని ఉంది. వెంటనే ఆమె లెక్కేసింది. "అయితే జూలై 18న రాజీనామా పెడితే 60 రోజులకి సెప్టెంబర్ 16 వస్తుంది కదా, ఏడాది నిండిపోతుంది!" లెక్క కరెక్టే. కానీ రాజీనామా పెట్టాక కంపెనీ "మీరు 30 రోజులకే వెళ్లిపోవచ్చు" అని ముందే రిలీవ్ చేస్తే? ఆఖరి రోజు ఆగస్టులో పడుతుంది, బోనస్ కట్టమని అడగొచ్చు. లక్షన్నర కోసం ఆ రిస్క్ ఎందుకని, ఏడాది నిండాకే రాజీనామా అని నిర్ణయించుకుంది.

అంటే సెప్టెంబర్ 16 నాటికి చేతిలో ఆఫర్ ఉంటే చాలు. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టాం. మొదటి ఫోన్ కాల్, టెక్నికల్ రౌండ్లు, మేనేజర్ రౌండ్, జీతం మాటలు, ఆఫర్ లెటర్... వీటికి ఆరు వారాలు వేసుకున్నాం. అలా ఆగస్టు మొదటి వారం వచ్చింది. సెప్టెంబర్ తర్వాత అని రాసి ఉంటే కొత్త చోట చేరడం జనవరికి పోయేది. మాటలు ఆగస్టులో మొదలైతే నవంబర్ మధ్యలో చేరొచ్చు.

మీ విషయంలో బోనస్ కాకుండా అప్రైజల్ కావచ్చు, ప్రాజెక్ట్ రిలీజ్ కావచ్చు, అక్క పెళ్లి కావచ్చు. లెక్క మాత్రం ఇదే. ఏ రోజు స్వేచ్ఛగా రాజీనామా పెట్టగలరో చూసుకుని, అక్కడి నుంచి ఆరు వారాలు వెనక్కి రండి. ఆ తేదీ రాయండి. కారణం రాయక్కర్లేదు. బోనస్ సంగతి బయటివాళ్లకి ఎందుకు?

ఇప్పుడు ఆమె పంపిన మెసేజ్. ఇంగ్లిష్‌లోనే రాసింది, నేను తెలుగులో చెప్తాను.

"మెసేజ్ పంపినందుకు థ్యాంక్స్. ప్రస్తుతం నేను ఉద్యోగం మారడం లేదు, అందుకని రెజ్యూమె పంపడం లేదు. ఆగస్టు మొదటి వారం నుంచి మాట్లాడటానికి సిద్ధం. ఆటోమేషన్ టెస్టింగ్ రోల్, హైదరాబాద్‌లో అయితేనే చూస్తాను. ఈ ఓపెనింగ్ ఏ కంపెనీదో, జాబ్ డిస్క్రిప్షన్ పంపగలిగితే చూసి ఉంచుకుంటాను."

అంతే, ఐదు వాక్యాలు. మూడో వాక్యంలో తేదీ, నాలుగోదాంట్లో ఏ పని, ఏ ఊరు. ఆ నాలుగోది లేకపోతే ఆగస్టులో మాన్యువల్ టెస్టింగ్, పుణె అని కాల్ వస్తుంది. చివరిది ఒక పరీక్ష కూడా. నిజంగా పని ఉన్న రిక్రూటర్ కనీసం జాబ్ డిస్క్రిప్షన్ పంపుతుంది. కంపెనీ పేరు కన్సల్టెన్సీలు మొదటే చెప్పకపోవచ్చు, అది మామూలే. కానీ రెజ్యూమె ఇచ్చే రోజు వస్తే మాత్రం, పేరు చెప్పకుండా ఇవ్వకండి. "నన్ను అడిగాకే ఎక్కడికైనా పంపండి" అని రాతపూర్వకంగా ఒక మాట పెట్టండి.

జవాబు పంపాక ఒత్తిడి రావొచ్చు. "ఊరికే రెజ్యూమె ఇవ్వండి, డేటాబేస్‌లో పెట్టుకుంటాం" అంటారు. "ఆగస్టులో అప్‌డేట్ చేసి పంపిస్తాను" అని ఒక్క లైను రాసి ఆపేయండి. సీటీసీ అడిగితే, "మాట్లాడే రోజున చెప్తాను, ముందు ఈ రోల్ బడ్జెట్ ఎంతో చెప్పండి" అనొచ్చు. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్, ఓటీపీ అంటే మాత్రం ఇక మాటల్లేవు, బ్లాక్ చేసేయండి. ఫీజు ఎవరిస్తారో ఇందాకే చెప్పుకున్నాం కదా.

ఇంకో చిన్న విషయం. ఈ మాటలన్నీ మీ సొంత ఫోన్‌లో, సొంత మెయిల్‌లోనే. లింక్డ్‌ఇన్‌లో "Open to work" అనే సెట్టింగ్ రిక్రూటర్లకి మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు. మీ కంపెనీ రిక్రూటర్లకి కనపడకుండా చూస్తామంటారు, కానీ పూర్తి గ్యారంటీ ఇవ్వలేమని వాళ్లే చెప్తారు. ఇప్పుడు మారనివాళ్లు దాన్ని ఆన్ చేయక్కర్లేదు.

చివరగా, ఆగస్టు వచ్చింది, వాళ్లే గుర్తుపెట్టుకుని పిలుస్తారా? కొందరు పిలుస్తారు, చాలామంది పిలవరు. రిక్రూటర్లు కూడా ఉద్యోగాలు మారతారండి, నేనూ మారాను. అందుకే కనెక్షన్ యాక్సెప్ట్ చేసి ఉంచుకోండి, ఆ తేదీకి మీ ఫోన్ క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఆ రోజున అదే చాట్ తెరిచి రాయండి. "మేలో మాట్లాడుకున్నాం, ఇప్పుడు చూస్తున్నాను, ఇలాంటి రోల్ ఏమైనా ఉందా?" పాత మెసేజ్ పైనే ఉంటుంది కాబట్టి మీరెవరో మళ్లీ చెప్పుకోనవసరం లేదు. మేలో అడిగిన ఆ రోల్ అప్పటికి భర్తీ అయిపోయి ఉంటుందనే అనుకోండి. మీరు దాచి ఉంచుకున్నది ఆ ఉద్యోగాన్ని కాదు, ఆ మనిషితో మాటని.

ఆ అమ్మాయికి అలాగే జరిగింది. పాత రోల్ పోయింది, అదే రిక్రూటర్ దగ్గర ఇంకో కంపెనీది వచ్చింది. ఈసారి కంపెనీ పేరు అడిగి, అక్కడ తనకి తెలిసినవాళ్లు లేరని చూసుకుని, అప్పుడు రెజ్యూమె ఇచ్చింది.

మీ ఇన్‌బాక్స్‌లో ఇలాంటి మెసేజ్ ఒకటి పడి ఉంటే, ముందు ఆఫర్ లెటర్ తెరిచి మీ తేదీ తేల్చుకోండి. జవాబు తర్వాత రాయొచ్చు, రెండు రోజులు ఆలస్యమైనా ఏం పర్వాలేదు.