చిన్న ధర్మ ట్రస్టుకు పత్రం వ్రాసేటప్పుడు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, వకీలును కాను. అయినా ఒక ట్రస్టు పత్రం విషయంలో మా బంధువుల ఇంట కలిగిన చిక్కును దగ్గరగా చూశాను. బీద పిల్లల ఫీజుల కోసం చిన్న ట్రస్టు పెడదామని మనలో కొందరు అనుకుంటున్నారు గనుక ఆ సంగతి మీకు మనవి చేస్తాను. ముందుగా ఒక్కమాట. ఇచ్చే ఆస్తి వక్ఫా, ట్రస్టా అన్నది పత్రం మొదట్లోనే స్పష్టంగా ఉండాలి. వక్ఫ్ అయితే ముతవల్లీ, బోర్డు, ఆ నియమాలు వేరు. నేను చెప్పబోయేది ట్రస్టు గురించి మాత్రమే.

బెంగుళూరులో మా బావగారి పెద్దనాన్న ఒకాయన ఉండేవారు. రిటైరయినాక నాలుగు లక్షల రూపాయలు బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వేసి, ఆ వడ్డీతో బీద విద్యార్థినులకు ఫీజులు కట్టాలని ట్రస్టు పెట్టారు. ఏడు శాతం వడ్డీ లెక్కన ఏడాదికి ఇరవై ఎనిమిది వేలు వచ్చేవి. తలకు రెండు వేల చొప్పున పద్నాలుగు మంది పిల్లలకు సరిపోయేది. పత్రం రిజిస్ట్రేషన్ కూడా అయింది. అందులో ధర్మకర్తలు ముగ్గురు: తాను, తన తమ్ముడు, ఒక స్నేహితుడు. చెక్కుపై ముగ్గురి సంతకాలూ ఉండాలని వ్రాశారు. డబ్బు భద్రంగా ఉంటుందని ఆయన నమ్మకం.

కొన్నేళ్లకు పెద్దాయన కన్ను మూశారు. స్నేహితుడు కొడుకు దగ్గరకు గల్ఫు వెళ్లి అక్కడే ఉండిపోయారు. మిగిలింది తమ్ముడొక్కడే. జూన్‌లో ఫీజులు కట్టాల్సి వచ్చి ఆయన బ్యాంకుకు వెళితే, "చనిపోయిన వారి స్థానంలో ఎవరు వచ్చారు? పత్రంలో ఏ నిబంధన ప్రకారం వచ్చారు?" అని అడిగారు. పత్రమంతా వెదికినా ఆ ముక్క లేదు. బ్యాంకు వారిని అనడానికీ లేదు, ముగ్గురి సంతకాలు కావాలన్నది పత్రమే కదా.

ఇంతలో పెద్దాయన కుమారుడు "నాన్నగారి స్థానం నాదే" అన్నాడు. ఇక్కడే మనవాళ్లు చాలామంది పొరబడతారు. తండ్రి పోతే ఇల్లు, పొలం విరాసత్ లెక్కన వాటాలుగా వస్తాయి. కాని ట్రస్టుకిచ్చిన సొమ్ము ఆయన సొంతం కాదు. ధర్మకర్త పదవి ఒక అమానత్, అది వాటాల్లోకి రాదు. పత్రం ఎవరిని చూపితే వారే ఆ స్థానంలోకి వస్తారు.

పోనీ, తమ్ముడుగారే ఒక కొత్త నిబంధన చేర్చవచ్చు కదా అని మేమడిగాము. వకీలుగారు కుదరదన్నారు. పత్రాన్ని సవరించే అధికారం ఎవరికీ ఇవ్వకుండా వ్రాస్తే, సంతకమయ్యాక వ్రాసినాయన కూడా మార్చలేడట. చివరకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద కోర్టుకు పోవలసి వచ్చింది. ట్రస్టుతో సంబంధమున్న ఇద్దరైనా కలిసి, ముందు కోర్టు అనుమతి తీసుకుని దావా వేయాలి. ఇద్దరు విద్యార్థినుల తండ్రులు వేశారు. కొత్త ధర్మకర్తలను కోర్టు నియమించేసరికి దాదాపు మూడేళ్లు పట్టింది. వడ్డీ ఎక్కడికీ పోలేదు, డిపాజిట్‌లోనే కలిసింది. కాని ఆ మూడేళ్లలో బడి మానేసిన పిల్లలు మళ్లీ రాలేదు. అందులో ఒక అమ్మాయి పదో తరగతిలో ఉండేది. (మన రెండు రాష్ట్రాలలో 1987 నాటి ధర్మాదాయ చట్టాన్ని కూడా చూడవలసి ఉంటుంది. ఇక్కడ ఎవరి దగ్గరకు వెళ్లాలో వకీలుగారినే అడిగి తెలుసుకోవాలి.)

నాలుగు వాక్యాలు ముందే వ్రాసి ఉంటే ఇదంతా తప్పేది. ఆ తర్వాత వకీలుగారు మాకు నేర్పినది ఇది.

మొదటిది, స్థానం ఎప్పుడు ఖాళీ అవుతుందో చెప్పాలి. మరణం, వ్రాతపూర్వకమైన రాజీనామా మాత్రమే చాలవు. దివాలా తీసినా, నేరం రుజువై శిక్ష పడినా, మతిస్థిమితం తప్పినా, కారణం చెప్పకుండా వరుసగా మూడు సమావేశాలకు రాకపోయినా, ఏడాదికి మించి విదేశంలో ఉన్నా స్థానం ఖాళీ అయినట్లే అని వ్రాయాలి. ఈ చివరి మాట ఉంటే గల్ఫు వెళ్లిన స్నేహితుని విషయంలో చిక్కే ఉండేది కాదు.

రెండవది, ఎవరు ఎన్నాళ్లలో నింపాలో చెప్పాలి. "ఖాళీ ఏర్పడిన తొంభై రోజులలో మిగిలిన ధర్మకర్తలు మెజారిటీతో మరొకరిని ఎన్నుకోవలెను" అంటే చాలు. ఆ తీర్మానాన్ని మినిట్స్ పుస్తకంలో వ్రాసి సంతకాలు చేస్తే దాని నకలునే బ్యాంకుకు ఇవ్వవచ్చు.

మూడవది అందరూ మరిచిపోయేది. అయిదుగురు ధర్మకర్తలు, కోరం ముగ్గురు అని వ్రాస్తారు. ముగ్గురు పోయి ఇద్దరే మిగిలితే కోరం లేదు. కోరం లేకపోతే కొత్తవారిని ఎన్నుకోవడానికీ వీలు లేదు. తాళం లోపల ఉండగా తలుపు వేసుకున్నట్లవుతుంది. అందుకని ఇలా వ్రాయాలి: "ధర్మకర్తల సంఖ్య కోరం కంటె తగ్గినను, మిగిలినవారు, ఒక్కరైనను సరే, ఖాళీలు నింపుట కొరకు మాత్రము పనిచేయవచ్చును. ఇతర పనులు చేయరాదు."

నాలుగవది, ఒక్కరూ మిగలకపోతే, లేక తొంభై రోజులు దాటినా నింపకపోతే ఎవరు నింపాలి? ఇక్కడ మనిషి పేరు వ్రాయకూడదు, హోదా వ్రాయాలి. ఫలానా సంఘం అధ్యక్షుడు, ఫలానా బడి హెడ్మాస్టరు కలిసి నియమించవలెను అని. మనుషులు పోతారు, ఆ కుర్చీలో ఎవరో ఒకరు ఉంటారు. సంతానానికి చోటు ఇవ్వాలనుకుంటే "దాత కుటుంబం నుండి ఒకరికి మించి ఉండరాదు" అని హద్దు పెట్టాలి.

ఇక అధికారాలు. ముగ్గురి సంతకాలు అన్న చోట "కోశాధికారి, మరొక ధర్మకర్త, ఇద్దరి సంతకాలు" అని వ్రాస్తే భద్రతా ఉంటుంది, పనీ ఆగదు. నిర్ణయాలు మెజారిటీతో అని విడిగా చెప్పాలి. చెప్పకపోతే అందరూ ఒప్పుకోవాలా, వద్దా అన్న తగవు లేస్తుంది. వడ్డీ మాత్రమే ఖర్చు చేయాలి, అసలు ముట్టరాదు అని వ్రాయాలి. ధర్మకర్తకు గాని, ఆయన బంధువులకు గాని ట్రస్టు సొమ్ము అప్పు ఇవ్వరాదు అనీ వ్రాయాలి. ఇది ఎవరినో అనుమానించి చెప్పే మాట కాదు. అడిగేవాడు తమ్ముడో బావమరిదో అయినప్పుడు కాదనడానికి ధర్మకర్తకు పత్రమే ఆసరా.

నడిపే పద్ధతిని సవరించే అధికారం కూడా ఉంచుకోవాలి. మూడింట రెండు వంతుల ధర్మకర్తలు ఒప్పుకుంటే సవరించవచ్చు, అయితే ట్రస్టు ఉద్దేశ్యాన్ని మార్చరాదు అని. లేకపోతే పిల్లల ఫీజుల సొమ్ము రేపు షాదీఖానా రంగులకు పోతుంది.

చిత్తు ప్రతి తయారయ్యాక ఒక పరీక్ష పెట్టండి. ధర్మకర్తల పేర్లు వ్రాసి ఒక్కొక్కటే కొట్టివేస్తూ, "ఇప్పుడు చెక్కు మీద ఎవరు సంతకం చేస్తారు? ఈ ఖాళీ ఎవరు నింపుతారు?" అని అడగండి. చివరి పేరు కొట్టివేసినా పత్రంలో జవాబు దొరికితేనే రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లండి. దొరకకపోతే ఇంకొక వారం ఆగి వకీలుగారిని కలవండి.

ఆ బెంగుళూరు ట్రస్టు ఇప్పుడు నడుస్తున్నది. ధర్మకర్తలు అయిదుగురు. పెద్దాయన కుమారుడూ వారిలో ఒకడు, ఎన్నికై వచ్చాడు. పోయిన జూన్‌లో ఫీజులు గడువులోపలే కట్టారు.