తాత పెట్టెలో ఆఖరి వస్తువు
(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను కవిని కాను. రోడ్లకూ కల్వర్టులకూ ఎస్టిమేట్లు రాసే ఇంజనీరుని. ఎస్టిమేటు అంటే జాబితానే. మట్టి పని, కంకర, సిమెంటు, చివర మొత్తం. అందుకేనేమో, కవితల్లో నాకు కాస్త పట్టుబడింది జాబితా కవిత ఒక్కటే. వస్తువుల పేర్లు వరసగా చెప్పుకుంటూ పోయి, ఆఖరి వస్తువు దగ్గర వినేవాడిని ఉలిక్కిపడేలా చెయ్యడం దాని పని.

ఇది మనకు కొత్త కాదు. మనం ఎక్కడ కాపురముండాలో చెప్పడానికి ఊళ్లో ఏమేం ఉండాలో లెక్కపెట్టే సుమతీ శతక పద్యం అందరం బట్టీ పట్టినదే. అందులో వైద్యుడి కన్నా ముందు అప్పిచ్చేవాడు వస్తాడు. అదే అప్పిచ్చేవాడు వరసలో మూడోవాడైతే ఎవరూ పట్టించుకోరు. ఏం చెప్పామన్నది ఎంతో, ఏది ఎక్కడ పెట్టామన్నదీ అంతే.

మా తాత పోయాక ఆయన రేకు పెట్టె తెరిచి, అందులో ఉన్నవన్నీ కాగితం మీద రాశాను. ఇరవై మూడు తేలాయి. ముందు కొట్టివేతలు మొదలుపెట్టాను. "తాత జ్ఞాపకాలు" అని రాసుకున్నది పెట్టెలో లేదు, నా తలలో ఉంది, కొట్టేశాను. పిన్నీసులు, మందుబిళ్లలు ఏ ఇంటి పెట్టెలోనైనా ఉంటాయి, తీసేశాను. "కళ్లజోడు" అంటే ఎవరిదైనా కావచ్చు, "తాడు కట్టిన కళ్లజోడు" అంటే మా తాతదే. అలా ఏడు మిగిలాయి.

వాటిలో ఒకటి అనుమతి చీటీ. పిల్లల కోసం చెబుతున్నాను: నేరస్థ తెగల చట్టం కింద మన ఊరు సెటిల్మెంటుగా ఉన్న రోజుల్లో, రిజిస్టరులో పేరున్నవాళ్లు ఊరు దాటాలంటే చీటీ కావాలి. ఆ చట్టాన్ని దేశమంతటా 1952లో రద్దు చేశారు.

మొదటిసారి పాతవి ముందు, కొత్తవి వెనక పెట్టాను. చీటీ పైకొచ్చింది. మా ఆవిడ విని, "మొదటిదే బాగుంది, తక్కినవి ఎందుకు?" అంది. రెండోసారి చీటీని చివరికి తెచ్చాను. కానీ దాని ముందు అప్పు పత్రం, ఆస్పత్రి కాగితం లాంటి దిగులు వస్తువులు పెట్టాను. ఏదో బాధ రాబోతోందని అందరికీ ముందే తెలిసిపోయింది. చివరిది కొట్టాలంటే దాని ముందున్నవి మామూలుగా, కాస్త సరదాగా ఉండాలి. మూడోసారి ఆ రెండూ తీసేసి, పక్కన పెట్టినవాటిలోంచి ఒక పంచెను, ఒక రైలు టికెట్టును తెచ్చాను. అది ఇలా కుదిరింది:

అంచుకు పసుపంటిన పాత పంచె,
తాడు కట్టిన కళ్లజోడు,
చెల్లని అణాలు ఐదు,
బుట్టలల్లే కత్తి, పిడి అరిగింది,
నా పదో తరగతి మార్కుల కాగితం, నాలుగు మడతలు,
బాపట్లకు రైలు టికెట్టు,
ఒక చీటీ:
రెండు రోజులు ఊరు దాటవచ్చు.
కారణం: సొంత పెళ్లి.

పసుపంటిన పంచె మొదట్లో వస్తుంది, ఎవరూ ఆగరు. చివరి మాట విన్నాక అది పెళ్లి పంచె అని తెలిసి మనసు వెనక్కి పోతుంది. చివరి వస్తువు ఆకాశం నుంచి ఊడిపడకూడదు, దాని జాడ ముందే ఎక్కడో ఉండాలి. టికెట్టు చీటీకి ఆనుకుని ఉంది కాబట్టి వినేవాడు హాయిగా ప్రయాణంలో ఉంటాడు. అక్కడ చీటీ అడ్డం పడుతుంది.

దీనికో పరీక్ష ఉంది. చివరి మూడు పంక్తులు మూసేసి చదివి, తర్వాత ఏముంటుందో అడగాలి. ఆఫీసులో ఒకాయనను అడిగితే, "మీ ఊరు కదా, బంగారమా?" అని నవ్వాడు. మన ఊరి పేరు పెట్టుకుని 1991లో వచ్చిన సినిమాలు ఆయన చూసినవే. చీటీ చదివాను. నవ్వు ఆగిపోయింది, కాసేపు మాట్లాడలేదు. ఆయన ఊహ తప్పింది కాబట్టే కవిత పని చేసింది. నేను లేని తుపాకీని పెట్టెలో పెట్టినా ఉలిక్కిపడేవాడే. కానీ అది ఆయనకు ముందే తెలిసిన కథ అయ్యేది, మా తాతది అయ్యేది కాదు.

ఇంత చేసీ ఒక తప్పు చేశాను. చివర "స్వేచ్ఛ విలువ ఎంతో" అని ఒక పంక్తి తగిలించి మా తెలుగు మాస్టారికి చూపించాను. ఆయన ఆ పంక్తి కొట్టేసి, "ఏరా, ఎస్టిమేటులో మొత్తం నువ్వే వేస్తావు, సరే. ఇక్కడ కూడా నువ్వే వేసేస్తే వినేవాడికి ఏం మిగిల్చావు?" అన్నారు.

ఆయన ఇవాళ ముందు వరసలో కూర్చున్నారు. అందుకని నా ప్రసంగానికీ మొత్తం వెయ్యకుండా ఇక్కడే ఆపేస్తున్నాను.