బిళ్లకు దారి



ఫార్మసీ పట్టాలు అందుకుంటున్న మీ ముందు నాకిచ్చిన ఈ కొద్ది నిమిషాలనూ ఒకే ఒక్క విషయానికి వాడుకుంటాను. మైగ్రేన్‌లో వికారం, వాంతి ఉన్నప్పుడు మింగిన బిళ్ల ఏమవుతుందన్నదే ఆ విషయం.

రేపు మీ కౌంటర్ దగ్గరికి ఒక టీచరమ్మ వస్తుందనుకోండి. "పొద్దున పదింటికి ఎడమ కణత దగ్గర మొదలైంది బాబూ. క్లాసులయ్యాక చూద్దాంలే అనుకున్నా. పన్నెండయ్యేసరికి కడుపులో తిప్పింది. అప్పుడు వేసుకున్నా బిళ్ల. అరగంటకే వాంతయింది. ఈ మందులో పస లేదు, ఇంకాస్త పవరున్నది ఇవ్వండి" అంటుంది.

ఆమె చెప్పినదంతా నిజమే, చివరి మాట ఒక్కటి తప్ప. మందులో పస ఉంది. దానికి దారే లేదు. మనం మింగే మందుల్లో చాలావరకు రక్తంలోకి చేరేది చిన్నపేగు నుంచి. కడుపు నుంచి చేరేది తక్కువ. మైగ్రేన్ ముదిరేకొద్దీ కడుపు కదలికలు మందగిస్తాయి, లోపలున్నది పేగులోకి త్వరగా దిగదు. రైల్వే గేటు పడితే ఎంత కొత్త బస్సయినా ఇవతలే ఆగాలి కదా, బిళ్ల పరిస్థితీ అదే. అక్కడ మోతాదు పెంచితే ఆగి ఉన్న బస్సుల సంఖ్య పెరుగుతుందంతే.

దీన్ని కొలిచి చూపినవాళ్లున్నారు. 1970ల్లో ఇంగ్లండులో గ్లిన్ వోలన్స్ అనే వైద్యుడు మైగ్రేన్ రోగులకు, నొప్పి నడుస్తుండగానే, నీళ్లలో పొంగే ఆస్పిరిన్ ఇచ్చి రక్తంలో దాని స్థాయిని చూశారు. నొప్పి లేని రోజుల కంటే అది మెల్లగా చేరింది. తర్వాతి పరిశోధనలో మెటోక్లోప్రమైడ్ ఇచ్చాక ఆస్పిరిన్ ఇస్తే, చేరే వేగం మళ్లీ మెరుగుపడింది. వాంతి మందు ఇక్కడ వికారాన్ని అణచడమే కాదు, కడుపును కదిలించి నొప్పి మందుకు గేటు ఎత్తుతోంది.

అయితే వాంతి మందులన్నీ ఈ పని చేయవు. మెటోక్లోప్రమైడ్, డోంపెరిడోన్ కడుపును ముందుకు నెడతాయి. మన షాపుల్లో ఎక్కువగా అడిగే ఓండాన్సెట్రాన్ వాంతిని ఆపుతుంది కానీ కడుపును నెట్టదు; పైగా తలనొప్పి దాని దుష్ప్రభావాల్లో ఒకటి. నాప్రోక్సెన్‌తో డోంపెరిడోన్ కలిపిన బిళ్లలు ఎందుకున్నాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. వీటికి హద్దులూ ఉన్నాయి. మెటోక్లోప్రమైడ్ వల్ల, ముఖ్యంగా చిన్న వయసువాళ్లలో, మెడ, దవడ బిగుసుకుపోవచ్చు, కళ్లు పైకి తేలిపోవచ్చు. గుండె లయలో తేడా ఉన్నవాళ్లకు డోంపెరిడోన్ ప్రమాదం. ఇవి డాక్టరు చీటీ మీదే ఇవ్వాల్సిన మందులు.

ఇక కరిగే బిళ్లల గురించి. ఇక్కడ ఒక భ్రమ ఉంది, ఫార్మసీ చదివినవాళ్లలోనూ కనిపిస్తుంది. రిజాట్రిప్టాన్ లాంటి బిళ్ల నాలుక మీద కరిగిందంటే నోటి నుంచే రక్తంలోకి వెళ్లిపోయిందనుకుంటారు. అలా జరగదు. లాలాజలంతో కలిసి గొంతు దిగి, పేగుకే వెళ్లాలి. మామూలు బిళ్ల కంటే తొందరగా పనిచేస్తుందనీ చెప్పలేం. దాని మేలు వేరే చోట ఉంది: గ్లాసుడు నీళ్లు చూస్తేనే డోకొచ్చే మనిషి నీళ్లు లేకుండా, క్లాసు మధ్యలోనైనా, నొప్పి మొదలైన వెంటనే వేసుకోగలదు. నీళ్లలో వేసి తాగే ఆస్పిరిన్‌ది మరో రకం మేలు. అది ముందే కరిగి ఉంటుంది కాబట్టి కడుపులో విడిపోయే పని మిగలదు, ద్రవం గట్టి బిళ్ల కంటే సులువుగా దిగుతుంది. కడుపులో పుండ్లున్నవాళ్లకు, గర్భిణులకు, పదహారేళ్లలోపు పిల్లలకు మాత్రం ఆస్పిరిన్ సొంతంగా ఇవ్వకూడదు.

మళ్లీ టీచరమ్మ దగ్గరికి వద్దాం. బిళ్ల వాంతిలో పోయిందో, కొంత ఒంట్లోకి చేరిందో ఆమెకూ తెలియదు, మనకూ తెలియదు. కాబట్టి ఇంకోటి వేసుకోమని చెప్పకండి, డాక్టరుకు ఫోన్ చేయించండి. వచ్చేసారి పన్నెండింటిదాకా ఆగకుండా, పదింటికే, కడుపు ఇంకా కదులుతున్నప్పుడే మందు పడాలి. వాంతి మందు జత కావాలో, కరిగే రకం కావాలో డాక్టరును అడగమనండి. మొదటి గంటలోనే వాంతులు పట్టుకునేవాళ్లకు ఏ బిళ్లా సరైనది కాదు. కడుపును కొంతవరకు తప్పించే ముక్కు స్ప్రే, పూర్తిగా తప్పిస్తూ చర్మం కింద వేసే సుమట్రిప్టాన్ ఇంజెక్షన్ వాళ్లకోసమే ఉన్నాయి.

నెలలో ఎన్ని రోజులు మందు వేసుకుంటోందో కూడా అడగండి. ట్రిప్టాన్లు పది రోజులు, మామూలు నొప్పి బిళ్లలు పదిహేను రోజులు చేరితే ఆ మందులే తలనొప్పి తెచ్చిపెట్టవచ్చు. ఎప్పుడూ లేనంత నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడినా, జ్వరంతో మెడ బిగిసినా, చేయీ కాలూ పట్టు తప్పినా, ఆ వాంతిని మైగ్రేన్ ఖాతాలో వేయకుండా నేరుగా ఆసుపత్రికి పంపండి.