కిరాణా చీటీకి పదుల కూడిక
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మచిలీపట్నంలో ఈమధ్య ఒక కొట్టువారు నా చీటీకి 365 రూపాయలు వేశారు. పద్దులివి: కందిపప్పు 84, మినప్పప్పు 67, చింతపండు 46, ఎండుమిర్చి 58, బెల్లం 33, ఉప్పు 25, పంచదార 42.

నేను ముందు ఒకట్ల స్థానంలోని అంకెలే చూశాను. 4కు 6, 7కు 3, 8కి 2 జతపడ్డాయి. జతకొక వేలు మడిస్తే మూడు వేళ్లు, అంటే 30. ఉప్పులోని 5 ఒంటరిగా మిగిలింది. మొత్తం 35.

తర్వాత పదుల స్థానం. అక్కడ 8కి 2, 6కు 4 కలిశాయి, అది 20. మిగిలిన 5, 3, 4 కలిపితే 12. మొత్తం 32 పదులు, అంటే 320. దానికి 35 చేరిస్తే 355. కొట్టతను తిరిగి కూడి పది రూపాయలు వెనక్కిచ్చాడు.

తేడా సరిగ్గా పది వస్తే, చేతిలో ఉంచుకున్న అంకెలో ఒకటి ఎక్కువో తక్కువో అయివుంటుందని ముందుగా అనుమానించాలి. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే, అంకెలు తారుమారయ్యాయేమో చూడండి. 58ని 85గా చదివితే 27 పెరుగుతుంది.

పద్దులు ఎనిమిది దాటితే ఏ అంకెకు జత కుదిరిందో గుర్తుండదు. అప్పుడు చీటీని మధ్యకు మడిచి, రెండు సగాలూ విడివిడిగా కూడి కలపండి. చివరకు ఒకసారి కింది నుంచి పైకి కూడి సరిచూసుకోండి.

సెలవు.