రెండోసారి వచ్చిన డెంగీ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి "ఆరోగ్యం గురించి పది నిమిషాలు మాట్లాడు" అన్నాడు. ఆరోగ్యమంతా పది నిమిషాల్లో ఇమడదు కాబట్టి ఒకే ఒక్క ప్రశ్న తీసుకున్నాను. అది మా బ్యాచ్ వాడు ఒక ఆసుపత్రి వరండాలో అర్ధరాత్రి పూట నన్ను అడిగిన ప్రశ్న.

వాడి కొడుక్కి ఆరేళ్ళప్పుడు డెంగీ వచ్చింది. నాలుగు రోజులు జ్వరం కాసి పోయింది. అప్పుడు నేనే వాడికి ఫోన్లో, "వచ్చి పోయింది కదరా, ఇక భయం లేదు" అని చెప్పాను. పిల్లవాడికి పదకొండో ఏట మళ్ళీ డెంగీ వచ్చింది. ఈసారి సెలైన్ స్టాండు పక్కన నిలబడి వాడు నన్నడిగాడు: "ఒకసారి వస్తే భయం లేదంటివి కదరా. మరి ఇప్పుడు అంతకంటే గట్టిగా ఎందుకొచ్చింది?"

తప్పు నాదే. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు "అమ్మవారు ఒకసారి పోస్తే మళ్ళీ పొయ్యదు" అంటారు. ఆటలమ్మకి, తట్టుకి ఆ మాట చాలావరకు నిజం. నేను ఆ లెక్కే డెంగీకీ వేశాను. కానీ డెంగీ ఒక వైరస్ కాదు. దగ్గరి చుట్టాల్లాంటి నాలుగు వైరస్‌లు. వాటిని సీరోటైపులంటాం, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పిలుస్తాం. ఇవన్నీ ఎక్కడో లేవు. 2014లో హైదరాబాదు రోగుల రక్తాన్ని పరీక్షిస్తే ఆ ఒక్క ఏడాదిలోనే నాలుగు రకాలూ దొరికాయి. ఒక రకం వచ్చిపోతే ఆ రకం నుంచి దాదాపు జీవితాంతం రక్షణ ఉంటుంది. మిగతా మూడింటి నుంచి రక్షణ మాత్రం కొన్ని నెలలు, మహా అయితే ఏడాదో రెండేళ్ళో. ఆ తరువాతే అసలు కథ.

మొదటి డెంగీతో పోరాడేటప్పుడు ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి. వాటిని పోలీసులనుకోండి. మొదటి రకం దొంగ మళ్ళీ వస్తే వీళ్ళ దగ్గర సరైన సంకెళ్ళున్నాయి. పదిమంది కలిసి కదలకుండా కట్టేస్తారు. స్టేషనుకు తీసుకుపోతే అక్కడ వాడి పని అయిపోతుంది. ఇక్కడ స్టేషనంటే మోనోసైట్లు, మాక్రోఫేజులనే రక్తకణాలు. యాంటీబాడీ పట్టుకొచ్చిన దేన్నయినా లోపలికి లాక్కుని అరిగించడం వాటి పని. అందుకోసమే వాటి గోడ మీద యాంటీబాడీ తోకను పట్టుకునే కొక్కేలుంటాయి. ఎఫ్‌సీ గ్రాహకాలని వాటి పేరు.

ఇప్పుడు రెండో రకం దొంగ వచ్చాడు. చూడటానికి మొదటివాడి తమ్ముడిలా ఉన్నాడు. పాత పోలీసులు గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్నారు కానీ, సంకెళ్ళు వీడి మణికట్టుకు సరిపోవు. ఉన్న పోలీసులు కూడా ఏళ్ళు గడిచేసరికి తగ్గిపోయారు. అయినా స్టేషను వాళ్ళు పోలీసును చూసి గేటు తీశారు. డెంగీ వైరస్ పెరగడానికి ఇష్టపడే చోటు సరిగ్గా ఆ కణమే! ఒంటరిగా వచ్చి ఉంటే కొన్ని కణాల్లోకే దూరేది. యాంటీబాడీ భుజం మీద చెయ్యేసుకుని వచ్చింది కాబట్టి చాలా కణాల్లోకి దూరింది. పైగా ఆ దారిన వెళ్ళినప్పుడు కణం మోగించాల్సిన ఇంటర్‌ఫెరాన్ గంట కూడా సరిగా మోగదని ప్రయోగశాలల్లో చూశారు. దీన్నే యాంటీబాడీల ఆసరాతో వైరస్ పెచ్చరిల్లడం అంటారు. డాక్టర్ల మధ్య 'ఏడీఈ' అనేది వాడుక మాట.

దీన్ని మొదట రోగుల్లో గట్టిగా చూపించినవారు స్కాట్ హాల్‌స్టెడ్ అనే అమెరికన్ వైద్యుడు. 1960లలో బ్యాంకాక్‌లో పనిచేస్తూ ఆయనొక వింత గమనించారు. తీవ్రమైన డెంగీ రెండు గుంపుల పిల్లల్లో ఎక్కువగా ఉంది. ఒక గుంపు రెండోసారి డెంగీ వచ్చిన పిల్లలు. రెండో గుంపు ఏడాది కూడా నిండని పసివాళ్ళు. పసివాళ్ళకి అది మొదటిసారే కదా, మరి ఎందుకంత తీవ్రం? జవాబు తల్లి దగ్గరుంది. తల్లికి పూర్వం డెంగీ వచ్చి ఉంటే ఆమె యాంటీబాడీలు కడుపులోనే బిడ్డకు చేరతాయి. పుట్టిన మొదటి నెలల్లో అవి నిండుగా ఉండి కాపాడతాయి. ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య పలచబడతాయి. సరిగ్గా ఆ నెలల్లోనే బిడ్డలకు ప్రమాదం ఎక్కువ. అంటే తేడా రెండోసారి కావడంలో కాదు, యాంటీబాడీ ఎంత మిగిలి ఉంది అన్నదాంట్లో ఉంది.

ఇది ఊహ కాదని చూపించిన దేశం క్యూబా. అక్కడ 1977లో ఒకటో రకం వచ్చి పెద్దగా చంపకుండా పోయింది. 1981లో రెండో రకం వచ్చింది. ఆ ఒక్క ఏడాది 3,44,203 కేసులు, 158 మరణాలు. చనిపోయినవారిలో 101 మంది పిల్లలు. తరువాత వాళ్ళు దోమల్ని గట్టిగా అదుపు చేశారు. 1997లో శాంటియాగో నగరంలో మళ్ళీ రెండో రకమే వచ్చింది. ఈసారి చనిపోయిన 12 మందీ పెద్దవాళ్ళే. 1981 తరువాత పుట్టిన పిల్లల ఒంట్లో పాత యాంటీబాడీలే లేవు. పెద్దవాళ్ళ ఒంట్లో మాత్రం ఇరవై ఏళ్ళనాటి ఒకటో రకం గుర్తులు పలచగా మిగిలి ఉన్నాయి. ఇంత స్పష్టమైన లెక్క ప్రకృతి మనకు అరుదుగా రాసిస్తుంది.

ఎంత పలచబడితే ప్రమాదం అన్నది నికరాగ్వా పిల్లల్లో కొలిచారు. వేలమంది పిల్లల రక్తం ఏటా తీసి పన్నెండేళ్ళు వెంబడించారు. 2017లో ఫలితాలు వచ్చాయి. యాంటీబాడీలు బాగా ఉన్న పిల్లలకు రక్షణ ఉంది. మధ్యలో ఒక ఇరుకు మట్టం ఉంది. రక్తాన్ని 21 నుంచి 80 రెట్లు పలచన చేసేదాకా యాంటీబాడీ కనబడి ఆపైన కనబడనివాళ్ళు ఆ మట్టంలో ఉన్నట్టు. తీవ్రమైన డెంగీ ముప్పు వాళ్ళకి, యాంటీబాడీలే లేనివాళ్ళకంటే సుమారు ఏడున్నర రెట్లు ఎక్కువ.

మళ్ళీ మా వాడి కొడుకు దగ్గరికి వద్దాం. జ్వరం నాలుగో రోజున ఎన్ఎస్1 పరీక్ష చేయిస్తే నెగెటివ్ వచ్చింది. "డెంగీ కాదంట" అని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎన్ఎస్1 అనేది వైరస్ విడుదల చేసే ఒక ప్రోటీన్. రెండోసారి డెంగీలో పాత యాంటీబాడీలు దాన్ని చుట్టేసుకోవడం వల్ల పరీక్షకు త్వరగా అందకుండా పోతుంది. కాబట్టి రెండోసారి వచ్చినవాళ్ళలో ఆ నెగెటివ్‌ను నమ్ముకోకూడదు. ఐజీఎం కూడా బలహీనంగా ఉండవచ్చు. ఐజీజీ మాత్రం మొదటి వారంలోనే బాగా ఎక్కువగా కనబడుతుంది. అది చూసే మేము 'ఇది రెండోసారి' అనుకుంటాం. ఏ రకం అన్నది మామూలు పరీక్షల్లో తేలదు, దానికి పీసీఆర్ కావాలి. అందుకే తనకు ఏ రకం వచ్చిందో మనలో ఎవరికీ తెలియదు.

ఐదో రోజు జ్వరం తగ్గింది. అసలు ప్రమాదం మొదలయ్యేది అక్కడే. సాయంత్రానికి పిల్లవాడు కడుపునొప్పి అన్నాడు, మూడుసార్లు వాంతి చేసుకున్నాడు, పొద్దుట నుంచి మూత్రం పోయలేదు. చేతులు చల్లగా ఉన్నాయి. వాళ్ళ నాన్న చేతిలో రిపోర్టు పట్టుకుని ప్లేట్‌లెట్ల సంఖ్యే చూపిస్తున్నాడు: అరవై రెండు వేలు. నేను చూసింది పక్క వరుసలో ఉన్న పీసీవీ. మూడో రోజు 36 ఉన్నది ఇప్పుడు 44. అంటే 22 శాతం పెరిగింది. 20 శాతం దాటితే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతున్నట్టు లెక్క. మన పిడుగురాళ్ళలో పుట్టినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. తొట్టిలో నీళ్ళు ఇంకిపోతే సున్నం దానంతటదే చిక్కబడుతుంది. సున్నం పెరగలేదు, నీళ్ళు తగ్గాయి. రెండోసారి వైరస్ ఎక్కువగా పెరిగినప్పుడు కణాలు వదిలే రసాయనాలు, ఆ ఎన్ఎస్1 కూడా కలిసి రక్తనాళాల లోపలి పొరను వదులు చేస్తాయి. బీపీ 96/72. పైది బాగానే ఉంది కదా అనిపిస్తుంది, కానీ రెండింటి మధ్య తేడా 24 మాత్రమే. 20కి వస్తే షాకు కిందే లెక్క.

అప్పుడు కావలసింది ప్లేట్‌లెట్లు ఎక్కించడం కాదు, కొలిచి పోసే సెలైన్. పిల్లవాడి బరువు 30 కిలోలు. కిలోకు గంటకు 5 నుంచి 7 మిల్లీలీటర్ల చొప్పున, అంటే గంటకు 150 నుంచి 210. గంటో రెండు గంటలో చూసి, పీసీవీ దిగుతుంటే, మూత్రం వస్తుంటే మెల్లగా తగ్గించుకుంటూ పోవాలి. కారడం ఒకటి రెండు రోజుల్లో ఆగి, బయటికి పోయిన నీరు మళ్ళీ రక్తంలోకి వస్తుంది. అప్పుడు కూడా సెలైన్ ఆపకపోతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఎక్కించడం ఎంత అవసరమో ఆపడం అంత అవసరం. తెల్లవారుజామున నాలుగింటికి పిల్లవాడు మూత్రం పోశాడు. మా వాడు వరండాలో కూర్చుని ఏడ్చాడు.

ఒక మాట ఒప్పుకోవాలి. రెండోసారి వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి మామూలు జ్వరమే వస్తుంది. కొద్దిమందే ఇలా జారిపోతారు. మొదటిసారి వచ్చినవాళ్ళకి ప్రమాదం లేదనీ కాదు. మన దేశంలో 619 మంది పిల్లలను పరిశీలించి 2024లో వెలువరించిన అధ్యయనంలో తీవ్రమైన కేసుల్లో సగానికి పైగా మొదటిసారివే. కాబట్టి "మొదటిసారే కదా" అని ధీమాగా ఉండకండి, ఏ జ్వరానికైనా జారిపోయే గుర్తులు అవే.

మూడోసారి, నాలుగోసారి వస్తే ఏమిటని మా వాడు తరువాత అడిగాడు. రెండు రకాలు చూసిన ఒంట్లో నాలుగింటికీ కొంత పనిచేసే యాంటీబాడీలు తయారవుతాయి, అందుకే మూడోది సాధారణంగా తేలికగా పోతుంది.

"మరి టీకా వేయిస్తే?" అన్నాడు. అది ఇంకా చిక్కు ప్రశ్న. డెంగ్వాక్సియా అనే టీకాను 2016 నుంచి ఫిలిప్పీన్స్‌లో ఎనిమిది లక్షలకు పైగా బడిపిల్లలకు వేశారు. పూర్వం డెంగీ వచ్చిన పిల్లలకు అది మేలు చేసింది. ఎప్పుడూ రానివాళ్ళకు అదే 'మొదటి డెంగీ' లాగా పనిచేసి, తరువాత అసలు వైరస్ కుట్టినప్పుడు ముప్పు పెంచింది. 2017 నవంబరులో తయారీదారు ఆ సంగతి ప్రకటించాక కార్యక్రమం ఆపేశారు. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ, ముందు రక్తపరీక్ష చేసి పాత డెంగీ ఉన్నవాళ్ళకే వెయ్యడం మేలని చెప్పింది. మన దేశంలో డెంగీఆల్ అనే ఒక్క మోతాదు టీకా మూడో దశ పరీక్షలు 2024 ఆగస్టులో రోహ్‌తక్‌లో మొదలయ్యాయి. వివిధ రాష్ట్రాల్లో పదివేల మందికి పైగా పెద్దవాళ్ళను తీసుకుని రెండేళ్ళు గమనిస్తారు. ఆ ఫలితాల్లో నేను మొదట వెతికేది ఎంతమందికి రాలేదన్నది కాదు. అంతకుముందు డెంగీ ఎరగనివాళ్ళలో, టీకా వేశాక వచ్చిన జ్వరం ఎంత తీవ్రంగా ఉందన్నది.

అందుకే మా వాడికి ఇప్పటికి ఒక్కటే చెప్పాను. అబ్బాయి రెండు రిపోర్టులూ, ఆరేళ్ళప్పటిది కూడా, ఒకే ఫైల్లో పెట్టమని. ఇంట్లో చిన్నమ్మాయికి ఇంతవరకు డెంగీ రాలేదట. వాళ్ళ ఇంటి వెనక నీళ్ళు పట్టిపెట్టుకునే డ్రమ్ముకి మూత లేదు. దాని సంగతి నేను వరండాలో అడగలేదు, తరువాత వాళ్ళావిడ ఫోన్ చేసినప్పుడు చెప్పాను. ఇప్పుడు మూత ఉంది.