పేరు వేరు, హక్కు వేరు: పాత పాట కొత్తగా వచ్చినప్పుడు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సాంస్కృతిక కార్యక్రమంలో ఎక్కువగా పాత సినిమా పాటలే ఉన్నాయి. వాటిని వీడియో తీసి ఛానల్లో పెడదామని కమిటీలో అనుకున్నప్పుడు, కింద ఎవరి పేర్లు వెయ్యాలి, పేర్లు వేస్తే సరిపోతుందా అన్న ప్రశ్న వచ్చింది. నాకిచ్చిన సమయంలో దానికే జవాబు చెబుతాను.

పాత పాట ఏ రూపంలో మళ్లీ వినిపించినా మనం రీమిక్స్ అనేస్తాం. నిజానికి అందులో నాలుగు రకాలున్నాయి: కవర్, రీమిక్స్, శాంపిల్, ఇంటర్‌పొలేషన్. వీటి తేడా తెలియాలంటే ముందు ఒక్క సంగతి పట్టుకోవాలి. ప్రతి పాటలోనూ రెండు వేర్వేరు ఆస్తులుంటాయి. ఒకటి రచన, అంటే బాణీ, సాహిత్యం. రెండోది ఆ రచనను ఒక గాయకుడు ఒక రోజున స్టూడియోలో పాడగా పట్టిన రికార్డింగు. దీన్ని మాస్టర్ అంటారు. ఇల్లు కట్టడానికి గీసిన ప్లానుకూ, కట్టిన ఇంటికీ ఉన్న తేడా లాంటిదే ఇది. ఈ రెంటికీ యజమానులు వేర్వేరుగా ఉండవచ్చు.

ఇప్పుడు ఆ నాలుగూ చూద్దాం. రచన మొత్తాన్ని తీసుకుని, కొత్త గొంతుతో, కొత్త వాద్యాలతో మళ్లీ రికార్డు చేస్తే అది కవర్. పాత రికార్డింగునే తీసుకుని, అందులోని గొంతును, వాద్యాలను విడదీసి, వేగం మార్చి, కొత్త దరువు వేసి మళ్లీ కలిపితే అది రీమిక్స్. పాత రికార్డింగులోంచి ఒక ముక్క కోసి, పూర్తిగా వేరే పాటలో అతికిస్తే శాంపిల్. రికార్డింగు జోలికి పోకుండా, బాణీలోనో సాహిత్యంలోనో ఒక ముక్క మాత్రం తీసుకుని, కొత్త పాటలో మళ్లీ పాడిస్తే ఇంటర్‌పొలేషన్.

అంటే కవర్‌కూ ఇంటర్‌పొలేషన్‌కూ రచన యజమాని అనుమతి చాలు. రీమిక్స్‌కూ శాంపిల్‌కూ రచన యజమానితో పాటు మాస్టర్ యజమాని అనుమతి కూడా కావాలి. అందుకే శాంపిల్‌కు మాస్టర్ అనుమతి దొరకనప్పుడు, అదే ముక్కను కొత్తగా పాడించుకుని ఇంటర్‌పొలేషన్‌గా మార్చుకోవడం పరిశ్రమలో మామూలే. వినేవాళ్లకు ఒక గుర్తు చెబుతాను. పాత గాయని గొంతే వినిపిస్తే రికార్డింగును వాడినట్టు. బాణీ అదే అయి గొంతు కొత్తదైతే రచనను వాడినట్టు. వాద్యాల ముక్క అయితే మాత్రం చెవిని పూర్తిగా నమ్మలేం. అచ్చం పాతదానిలాగే మళ్లీ వాయించగలరు.

మనందరికీ తెలిసిన ఉదాహరణ చూడండి. 1991లో వచ్చిన ‘గ్యాంగ్ లీడర్’లో ‘వాన వాన వెల్లువాయె’ పాట బాణీ బప్పీ లహిరిది. 2012లో ‘రచ్చ’ సినిమాలో మణిశర్మ సంగీతంతో అది మళ్లీ వచ్చింది. అందరం రీమిక్స్ అన్నాం. కానీ అందులో వినిపించేవి కొత్త గొంతులు. కచ్చితంగా చెప్పాలంటే అది కవర్‌కు దగ్గర. ఒకే పాటలో రెండు రకాలూ ఉండవచ్చు. అమెరికాలో బ్లాక్ ఐడ్ పీస్ బృందం 2005లో చేసిన ‘డోంట్ ఫంక్ విత్ మై హార్ట్’లో, 1978 నాటి ‘డాన్’ సినిమాలో ఆశా భోస్లే పాడిన పాట శాంపిల్‌గా ఉంది. లీసా లీసా పాడిన 1980ల నాటి ఇంకో పాటలోని మాటలను కొత్తగా పాడారు, అది ఇంటర్‌పొలేషన్. ఆ పాట రచయితల జాబితాలో కల్యాణ్‌జీ-ఆనంద్‌జీల పేర్లు కూడా చేరాయి. పేరు అలా చేరితే రాయల్టీలో వాటా వస్తుంది.

పేరు లేకపోతే ఏమవుతుందో చెప్పే కథ కూడా బప్పీ లహిరిదే. 1981లో ‘జ్యోతి’ అనే హిందీ సినిమాకు ఆయన కట్టిన ‘థోడా రేషమ్ లగ్‌తా హై’ పాటను లతా మంగేష్కర్ పాడారు. 2002లో ట్రూత్ హర్ట్స్ అనే అమెరికన్ గాయని ‘అడిక్టివ్’ అనే పాటతో పెద్ద పేరు తెచ్చుకున్నారు. ఆ పాటను తయారుచేసింది డీజే క్విక్. పాట పొడుగునా వెనక నుంచి లత గొంతు వినిపిస్తూనే ఉంటుంది. అంటే ఇది శాంపిల్. రెండు అనుమతులూ కావాలి. ఒక్కటీ తీసుకోలేదు. సీడీ మీద లహిరి పేరూ లేదు.

విషయం కోర్టుకు వెళ్లింది. 2003లో లాస్ ఏంజెలిస్ ఫెడరల్ కోర్టు, లహిరి పేరు తెలిపే స్టిక్కరు అంటిస్తే తప్ప ఆ సీడీ అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అక్కడితో కథ ముగిసి ఉంటే ఎంతో బాగుండేది. కానీ కేసు ముందుకు సాగాక, ఆ పాట కాపీరైటు ఆయనది కాదని తేలింది. సినిమా కోసం కట్టిన బాణీ కాబట్టి హక్కు నిర్మాణ సంస్థకు, అక్కడి నుంచి రికార్డు కంపెనీకి వెళ్లిపోయింది. పరిహారం అడిగే హక్కు ఆయనకు మిగల్లేదు. హక్కు లేదని తెలిసీ కేసు నడిపారంటూ ఆయన న్యాయవాది మీద కోర్టు సొమ్ము వేసింది. 2010లో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది కూడా. బాణీ ఆయనదే, ఆస్తి మాత్రం ఆయనది కాదు.

ఇది అమెరికా వింతేమీ కాదు. నిర్మాత డబ్బిచ్చి సినిమా కోసం చేయించుకున్న పాటకు, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే యజమాని అని మన సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. 2012లో చట్టం సవరించాక కొంత మారింది. ఇప్పుడు హక్కు రాసిచ్చినా, సినిమా హాలు బయటి వాడకం మీద వచ్చే రాయల్టీలో తమ సమాన వాటాను సంగీత దర్శకుడు, గీత రచయిత వదులుకోలేరు. ఇంకోటి, 57వ సెక్షన్ ప్రకారం ‘ఇది నా రచన’ అని చెప్పుకునే హక్కు అమ్మేసినా రచయిత దగ్గరే ఉంటుంది. అంటే డబ్బు యజమానికి చెందినా, పేరు మాత్రం చేసినవాడిదే.

కవర్‌కు మన చట్టంలో ప్రత్యేకంగా 31సి అనే సెక్షన్ ఉంది. మొదటి రికార్డింగు వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు ఆగాలి. ముందే నోటీసు ఇవ్వాలి. ఏడాదికి కనీసం 50,000 ప్రతులకు లెక్కగట్టి రాయల్టీ కట్టాలి. రచనను ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. అట్ట మీద ఇది కవర్ అని రాయాలి, అసలు గాయకులే పాడారని భ్రమ కలిగించకూడదు. ఈ దారి సౌండ్ రికార్డింగులకే. వీడియోకు దృశ్యంతో జోడించాలంటే యజమాని అనుమతి విడిగా తీసుకోవాలి.

ఇక మన వీడియో సంగతి. మనం పాడేవి కవర్లు. కానీ వెనక వచ్చే కరోకే ట్రాక్ కూడా ఒక రికార్డింగే, దానికీ యజమాని ఉంటాడు. కాబట్టి మన మిత్రులు హార్మోనియం, తబలాతో పాడితే ఒక అనుమతి తగ్గుతుంది. ‘క్రెడిట్స్ యజమానులకే’ అని ఒక్క వాక్యం పెట్టేస్తే అది అనుమతి కాదు. యూట్యూబ్ గుర్తుపడితే ప్రకటనల ఆదాయం యజమానికి పోవచ్చు, వీడియో ఆగిపోనూవచ్చు. అందుకే ముందు రికార్డు కంపెనీని అడుగుదాం. అనుమతి రాకపోతే ఆ పాటను సభలో పాడుకుని ఊరుకుందాం, ఛానల్లో పెట్టొద్దు.

పేర్లు మాత్రం ఏ పాటకైనా తప్పకుండా వేద్దాం: పాట, సినిమా, సంవత్సరం, గీత రచయిత, సంగీత దర్శకుడు, మొదట పాడినవారు, ఆ తర్వాత ‘కవర్’ అన్న మాట, చివర్లో మన పేర్లు. లహిరికి స్టిక్కరు కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. మనకు అది నాలుగు పంక్తుల పని.